కుచ్చుల దారం పట్టే, కానీ పేక పట్టు కాదు: పెళ్లి చీరలు కొనేముందు తెలుసుకోవలసినవి

ప్రశ్న: "చెల్లెలి పెళ్లికి మూడు పట్టుచీరలు కొనాలి. ఒక్కోదానికి పన్నెండు వేల దాకా పెట్టగలం. ఏ షాపులో అడిగినా ప్యూర్ పట్టే అంటున్నారు. సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే నమ్మేయవచ్చా? జరీ అసలుదో కాదో ఎలా చూడాలి? ఎలాంటి షోరూంకి వెళ్తే మంచిది?"

నేను ఒకసారి మోసపోయాను కాబట్టి, ఆ మోసం ఎక్కడ జరిగిందో ముందుగా చెబుతాను. ఎందుకంటే కొనేవాళ్లలో చాలామంది పరీక్ష చేసుకునే చోటునే తప్పుగా ఎంచుకుంటారు. నేనూ అలాగే ఎంచుకున్నాను.

కొన్నేళ్ల క్రితం మా ఆడపడుచు పెళ్లికి ఒక పెద్ద దుకాణంలో తొమ్మిదిన్నర వేలు పెట్టి ముదురు ఆకుపచ్చ చీర ఒకటి కొన్నాను. అట్ట మీద "100 శాతం పట్టు" అని అచ్చు వేసి ఉంది. ఇంటికి తెచ్చిన రాత్రి, కొంగు చివర నేయకుండా వదిలిన పోగుల్లోంచి రెండింటిని తుంచి, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. మంట తీయగానే దారం దానంతట అదే ఆరిపోయింది. నల్లటి చిన్న ఉండ మిగిలితే, వేలితో నలిపితే పొడి అయింది. పట్టు అనడానికి అవన్నీ సరైన ఆనవాళ్లే. నిశ్చింతగా కుచ్చులు వేయించాను.

అసలు సంగతి మా టైలరమ్మ చెప్పింది. జాకెట్ ముక్క కత్తిరించి, గుడ్డ ముడుచుకుపోకుండా కుట్టే ముందు తడిపి ఆరేసే అలవాటు ఆమెకు ఉంది. "అమ్మా, ఈ గుడ్డకు అడ్డం దారం తడిలో పిండిలా తెగిపోతోంది, నిలువు దారం మాత్రం గట్టిగానే ఉంది, ఒకసారి చూడండి" అని పిలిచింది. నా కళ్ల ముందే కత్తిరించిన అంచు నుంచి రెండు దారాలు లాగి, రెండింటినీ నీళ్లలో ముంచి చెరొకటి లాగి చూపింది. ఒకటి తీగలా నిలిచింది. రెండోది అంత బలం పెట్టకుండానే తెగిపోయింది. ఆ రెండో దారాన్ని ఇంట్లో కాల్చి చూస్తే కాగితం కాలినట్టు గబగబా మండిపోయి, తెల్లటి పలచని బూడిద మిగిలింది. అది విస్కోస్, అంటే చెక్క గుజ్జులాంటి మొక్కల పదార్థంతో తయారయ్యే కృత్రిమ పట్టు. మనం ఆర్ట్ సిల్క్ అనే మాటలో "ఆర్ట్" అంటే కళ కాదు, కృత్రిమం అన్న ఇంగ్లీషు మాటకు పొట్టి రూపం. దుకాణాల్లో ఆ పేరు అందంగా వినిపిస్తుంది కాబట్టి ఈ విషయం తెలిసి ఉండటం మంచిది.

మరి మొదటి పరీక్షలో ఎందుకు తెలియలేదు? గుడ్డలో నిలువుగా వెళ్లే పడుగు, అడ్డంగా వెళ్లే పేక అని రెండు వరుసల దారాలు ఉంటాయి. కొంగు చివర కుచ్చులకు వదిలే పోగులన్నీ పడుగు పోగులే. అక్కడ ఎంత కాల్చినా పేక గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. నా చీరలో పడుగు స్వచ్ఛమైన పట్టు, పేక విస్కోస్. కొనేవాళ్లు కాల్చి చూసేది కుచ్చు దారాన్నేనని తెలిసినవాళ్లు అలాంటి చీర అమ్ముతారు. అందువల్ల మీరు ఏ పరీక్ష చేసినా పడుగుకు ఒకసారి, పేకకు ఒకసారి విడివిడిగా చేయండి. మిగిలిన చిట్కాలన్నీ మరిచిపోయినా ఇది ఒక్కటి మరవద్దు.

పేక దారం తీయడానికి చీరను కత్తిరించనక్కర లేదు. కుచ్చు పోగులు మొదలయ్యే చోట, నేత ముగిసిన చివరి వరుసను గుండుసూదితో కొద్దిగా వదులు చేస్తే, అడ్డంగా వెళ్లే దారం ఒకటి బయటికి వస్తుంది. దానిలో రెండు మూడు అంగుళాలు చాలు. అయితే కొంగులో వేసే పేక, ఒడలులో వేసే పేక ఎప్పుడూ ఒకటే కాదు, రంగు వేరుగా ఉంటే దారం కూడా వేరు కావచ్చు. కాబట్టి చీర రెండో చివర, సాధారణంగా జాకెట్ ముక్క ఉండే వైపు నుంచి కూడా ఒక దారం తీయండి. బుటాలు ఉన్న చీర అయితే తిరగేసి చూడండి. వెనక వేలాడే దారాలు బుటా కోసం అదనంగా వేసినవి, వాటిలో కూడా ఆర్ట్ సిల్క్ కలిపి ఉండవచ్చు. ఒడలంతా పట్టే అయి, బుటాల్లో మాత్రమే వేరే దారం ఉంటే నేను దాన్ని పెద్ద మోసంగా చూడను, కానీ ఆ మాట ముందే చెప్పి ధరలో తగ్గించాలి.

కాల్చే పరీక్షలో ఒక దారం కంటే మూడు నాలుగు దారాలు కలిపి మెలితిప్పి పట్టకారుతో పట్టుకుంటే స్పష్టంగా కనిపిస్తుంది. పట్టు నెమ్మదిగా, ముడుచుకుంటూ కాలి వెంట్రుక వాసన ఇస్తుంది, విస్కోస్ కాగితంలా కాలుతుంది. పాలియెస్టర్ అయితే కాలడానికి ముందే కరిగి, నల్లటి పొగతో మండి, చల్లారాక గోటితో నొక్కినా నలగని గట్టి ఉండ మిగులుతుంది. ముదురు అద్దకం, గంజి లాంటి పూతలు వాసనను కొంత కప్పేస్తాయి కాబట్టి వాసన ఒక్కదానినే నమ్మకుండా, మిగిలిన ఉండ నలిగిందా లేదా అన్నది కూడా చూడండి. పట్టు, విస్కోస్ పోగులను కలిపి ఒకే దారంగా వడికి ఉంటే మంట పరీక్ష తికమక పెడుతుంది.

అలాంటి చోట నాకు నమ్మకం కుదిరిన పరీక్ష బ్లీచింగ్ ద్రావణంతో చేసేది. ఇంట్లో తెల్లబట్టలకు వాడే, సోడియం హైపోక్లోరైట్ ఉందని సీసా మీద రాసి ఉన్న తాజా ద్రావణాన్ని ఒక చిన్న గాజు గిన్నెలో పోసి, దారపు ముక్క వేయండి. పట్టు ఒక రకమైన మాంసకృత్తు కాబట్టి అందులో మెత్తబడి, పలచబడి, చివరికి కరిగి మాయమవుతుంది. విస్కోస్, పాలియెస్టర్ రంగు కోల్పోయినా దారంగానే మిగులుతాయి. ద్రావణం ఎంత గాఢంగా ఉందన్న దాన్ని బట్టి కొన్ని నిమిషాల నుంచి గంట దాకా పట్టవచ్చు. పక్కన మీకు పట్టేనని ఖాయంగా తెలిసిన పాత చీర దారం ఒకటి వేసి రెండింటినీ పోల్చుకుంటే అనుమానం ఉండదు. చేతులకు గ్లవుజులు వేసుకోండి, కిటికీ తీసి ఉంచండి. ఆ ద్రావణంలో వెనిగర్ గానీ బాత్రూం కడిగే యాసిడ్ గానీ పొరపాటున కూడా కలపకండి, విషవాయువు పుడుతుంది.

చీరను ఉంగరంలోంచి దూర్చి చూడటం, చేతుల మధ్య రుద్ది వేడి పుట్టిందా అని చూడటం, రెండు రంగుల నీడ మారుతోందా అని చూడటం లాంటివాటి మీద నేను ఆధారపడటం మానేశాను. పలచటి పాలియెస్టర్ కూడా ఉంగరంలోంచి జారుతుంది, మందంగా జరీ వేసిన స్వచ్ఛమైన పట్టు జారదు. నీడ మారడం పడుగు ఒక రంగు, పేక మరో రంగు అయినప్పుడు వచ్చేదే తప్ప పట్టు లక్షణం కాదు.

ఇక సిల్క్ మార్క్ సంగతి. కేంద్ర పట్టు మండలి 2004లో ప్రారంభించిన గుర్తు ఇది, భారత సిల్క్ మార్క్ సంస్థ దాన్ని నడుపుతుంది. సీతాకోకచిలుక గుర్తు, హోలోగ్రాం, ఒక్కో లేబుల్‌కు ఒక్కో వరుస సంఖ్య ఉంటాయి. కొత్త లేబుళ్ల మీద క్యూఆర్ కోడ్ కూడా ఉంటుంది. మీరు కొనే వస్తువులోని పట్టు సహజమైన పట్టేనని అది చెబుతుంది. మల్బరీ, టస్సర్, ఎరి, మూగా అన్నింటికీ వర్తిస్తుంది. అది చెప్పనివి కూడా ఉన్నాయి. జరీ గురించి ఏమీ చెప్పదు. చేనేతా మరమగ్గమా అన్నది చెప్పదు. పట్టు ఏ తరగతిదో, ధర సరైనదో కాదో చెప్పదు. చేనేత గుర్తు వేరు, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ మగ్గం మీద నేసినదని మాత్రమే చెబుతుంది, అది నూలు చీరకు కూడా ఉంటుంది. ఈ రెండింటినీ ఒకటిగా అనుకోవడం నేను చాలామందిలో చూశాను.

లేబుల్ ఉందా అని చూడటం సరిపోదు, అది మీరు పట్టుకున్న ఆ చీరకే చెందినదా అన్నది చూడాలి. ఒక దుకాణంలో సేల్స్‌మన్ నేను అడిగాక సొరుగు తీసి లేబుల్ ఒకటి తెచ్చి చీర మీద పెట్టాడు. అలాంటి చోట నేను కొనను. లేబుల్ చీరకు అతికి గానీ, కట్టి గానీ, కుట్టి గానీ ముందే ఉండాలి. వరుస సంఖ్యను బిల్లు మీద రాయించుకోండి. క్యూఆర్ కోడ్ ఉంటే కౌంటర్ దగ్గరే మీ ఫోన్‌తో స్కాన్ చేసి, తెరుచుకున్న పేజీ నిజంగా సిల్క్ మార్క్ సంస్థదేనా, అందులో కనిపించే సంఖ్య, అమ్మకందారు పేరు సరిపోతున్నాయా అని చూడండి. నా ఆకుపచ్చ చీర అట్ట మీద ఉన్నది సిల్క్ మార్క్ కాదు, ఆ దుకాణం సొంతంగా అచ్చు వేయించుకున్న సీతాకోకచిలుక బొమ్మ. సంఖ్య లేదు, హోలోగ్రాం లేదు. నేను బొమ్మను చూసి తృప్తి పడ్డాను.

ఇప్పుడు జరీ. అసలైన జరీ అంటే పట్టు దారం మీద, అణచి పలచగా చేసిన వెండి తీగను చుట్టి, పైన బంగారు పూత పూసినది. ఆ పూతలో బంగారం మొత్తం బరువులో ఒక శాతం కూడా ఉండదు, లోహంలో దాదాపు అంతా వెండే. రెండో రకం టెస్టెడ్ జరీ, దీనినే హాఫ్ ఫైన్ అని కూడా అంటారు. ఇందులో రాగి తీగకు వెండి పూత పూసి, బంగారు రంగు తెప్పిస్తారు. మూడోది ప్లాస్టిక్ జరీ, లోహపు పూత ఉన్న పాలియెస్టర్ పొరను సన్నగా కోసి చుట్టినది. ప్లాస్టిక్ జరీని ఇంట్లో పట్టుకోవడం తేలిక. చీర వెనక వేలాడే జరీ పోగు ఒకటి తీసి కాల్చితే కరిగి ముడుచుకుపోతుంది. లోహపు జరీ అయితే లోపలి దారం కాలిపోయినా తీగ చుట్టలు చుట్టలుగా మిగిలి ఉంటుంది.

వెండా రాగా అన్నది తేల్చడమే కష్టం. గోటితో గీకితే లోపల ఎర్రదారం కనిపిస్తే అసలు జరీ అని అందరూ చెబుతారు. నేనూ చాలాకాలం అదే నమ్మాను. టెస్టెడ్ జరీకి కూడా లోపల ఎర్రరంగు అద్దిన దారమే వాడుతుంటారు కాబట్టి ఎర్రదారం కనిపించడం దేనికీ రుజువు కాదు. పైతీగను విప్పి గరుకు రాయి మీద గట్టిగా రుద్దితే, పూత పోయిన చోట తెల్లగా ఉంటే వెండి, ఎర్రగా ఉంటే రాగి అని కొంతవరకు అంచనా వేయవచ్చు. నిక్కచ్చిగా తెలియాలంటే ఎక్స్‌రే పరీక్ష యంత్రం మంచి దారి. బంగారు నగలను కరిగించకుండా పరీక్షించే యంత్రం వంటిదే ఇది. వెండి, రాగి, బంగారం ఎంత శాతం ఉన్నాయో చీరను పాడుచేయకుండా చూపుతుంది. అసలు జరీ అని పెద్ద ధర అడిగే దుకాణం ఆ పరీక్షకు ఒప్పుకోవాలి.

యంత్రం అందుబాటులో లేకపోతే లెక్క వేసి చూడండి. చీరలో 200 గ్రాముల జరీ ఉందని, అందులో 40 శాతం వెండి అని దుకాణదారు చెబితే, 80 గ్రాముల వెండి ఉన్నట్టు. ఆ రోజు గ్రాము వెండి ధరతో గుణించండి, అది జరీలోని వెండి ఖరీదు మాత్రమే. పట్టుకు కూడా ఇలాంటి లెక్కే ఉంది. జరీ తీసేస్తే 450 గ్రాముల పట్టు ఉన్న చీర అనుకుందాం. ముడిపట్టును ఉడికించి జిగురు తీసేటప్పుడు బరువులో దాదాపు పావు వంతు పోతుంది కాబట్టి, 450 గ్రాములు మిగలాలంటే 600 గ్రాముల ముడిపట్టు కావాలి. కిలో నాలుగు వేలు అనుకున్నా దారానికే 2,400 రూపాయలు అవుతుంది, అద్దకం, పడుగు, నేత కూలి, దుకాణం లాభం వేరు. అంత బరువైన చీరను రెండు వేలకు "ప్యూర్ పట్టు" అని ఎవరైనా ఇస్తుంటే ఇక కాల్చి చూడవలసిన పని కూడా లేదు. ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన పట్టు అని రుజువు కాదన్నది నా తొమ్మిదిన్నర వేలే చెబుతాయి. ఈ లెక్క చౌక మోసాన్ని పట్టిస్తుంది, ఖరీదైన మోసాన్ని పట్టించదు.

మంచి షోరూం ఏదన్నదానికి నా కొలత ఒక్కటే, నోటితో చెప్పిన మాటను బిల్లు మీద రాసి ఇస్తారా లేదా. "పట్టుచీర" అన్న మాట చాలదు. "ప్యూర్ సిల్క్, పడుగు పేక రెండూ, టెస్టెడ్ జరీ" అన్నట్టు విడమరిచి రాయమని అడగండి. అలా రాయడానికి నసిగేవాళ్ల దగ్గర నుంచి బయటికి రావడానికి మొహమాటపడకండి. ఆప్కో, కో-ఆప్టెక్స్ వంటి చేనేత సహకార సంస్థల షోరూంలను మీ జాబితాలో మొదట పెట్టుకోండి. అక్కడ కూడా అన్నీ పట్టే ఉండవు, నూలు, పట్టు కలిపినవి కూడా ఉంటాయి కాబట్టి ఒక్కో చీర చీటీ చదవండి. కలిపి నేయడం మోసం కాదని కూడా గుర్తుంచుకోండి. సంప్రదాయ గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు కొంగు పట్టు. అది ఆ చీర గొప్పదనం, దాన్ని అలాగే చెప్పి అమ్ముతారు.

బిల్లులో మరొకటి చూడండి, చాలామంది దీన్ని గమనించరు. జీఎస్టీ బిల్లులో వస్తువు పక్కన హెచ్‌ఎస్‌ఎన్ అని ఒక సంఖ్య ఉంటుంది. పట్టు బట్టలకు అది 5007తో మొదలవుతుంది. పాలియెస్టర్ వంటి సింథటిక్ దారాల బట్టలకు 5407, విస్కోస్ వంటి కృత్రిమ దారాల బట్టలకు 5408. చిన్న దుకాణాల బిల్లుల్లో ఈ సంఖ్య లేకపోవచ్చు. 5007 ఉన్నంత మాత్రాన పూర్తి పట్టని కాదు, ఎందుకంటే పట్టు ఎక్కువ భాగం ఉన్న మిశ్రమాలు కూడా అందులోకే వస్తాయి. కానీ 5407 గానీ 5408 గానీ ఉంటే దుకాణం తన లెక్కల్లో ఆ చీరను పట్టుగా చూపడం లేదన్నమాట.

నా పాత బిల్లు తీసి చూస్తే దాని మీద 5408 అనే ఉంది. అప్పుడు ఆ బిల్లు, జాకెట్ ముక్క, హైదరాబాద్‌లోని సిల్క్ మార్క్ శాఖలో చేయించుకున్న దారం పరీక్ష కాగితం తీసుకుని దుకాణానికి వెళ్లాను. "కత్తిరించిన చీర వాపసు తీసుకోమమ్మా" అని ముందు ఖరాఖండిగా చెప్పారు. జాకెట్ కోసం కత్తిరించాకే పేక సంగతి బయటపడిందని చెప్పి, వాళ్ల బిల్లు మీది సంఖ్యనే చూపించి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానన్నాక మేనేజర్ లోపలికి పిలిచి పూర్తి డబ్బు ఇచ్చాడు. అట్ట మీద "100 శాతం పట్టు" అన్న అచ్చు, బిల్లు మీద 5408, రెండూ వాళ్లవే కావడం వల్లనే అది సాధ్యమైంది. అందుకే చీరతో వచ్చిన అట్ట, చీటీ, లేబుల్ ఏదీ పారేయకండి.

మీ బడ్జెట్ విషయానికి వస్తే, ఒక్కో చీరకు పన్నెండు వేలలో నిండుగా అసలు వెండి జరీ ఉన్న బరువైన చీర దొరుకుతుందని నేను అనుకోను. ఎవరైనా ఇస్తామంటే పైన చెప్పిన వెండి లెక్క వేసి చూడండి. ఆ డబ్బులో పడుగు, పేక రెండూ పట్టై, టెస్టెడ్ జరీ అని బిల్లు మీద రాసిచ్చే చీర తీసుకోండి, నా మటుకు అదే నిజాయితీ ఉన్న బేరం. లేదా జరీ తక్కువగా ఉన్న పోచంపల్లి ఇక్కత్ పట్టు చూడండి, అందులో మీ డబ్బు ఎక్కువగా పట్టుకూ నేతకూ వెళ్తుంది. మూడూ ఒకేరోజు కొనకుండా ముందు ఒకటి కొని, రెండు చివర్ల నుంచి పేక దారాలు తీసి తడిపి, కాల్చి, బ్లీచింగ్‌లో వేసి చూసుకున్నాక మిగిలిన రెండింటికీ అదే దుకాణానికి వెళ్లండి. పరీక్ష అయ్యేదాకా జాకెట్ ముక్క కత్తిరించకండి, కుచ్చులు కూడా వేయించకండి. కుచ్చులు ముడివేస్తే చివరి వరుస పేక దారం బయటికి లాగడం కుదరదు.